పడవ ఎదురెక్కి తిరిగి దిగివస్తే: మొత్తం కాలం ఇచ్చిన లెక్కపై తరచుగా అడిగే ప్రశ్నలు

పదో తరగతిలో వర్గ సమీకరణాల పాఠానికి వచ్చేసరికి నదిలో పడవ లెక్క తప్పకుండా ఎదురవుతుంది. నా దగ్గరకు వచ్చే పిల్లలు దీని మీద అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. అన్నింటికీ ఒకే లెక్కను ఆధారం చేసుకుందాం. అంకెలు నేను పెట్టినవే.

ఒక లాంచీ రేవు నుంచి 24 కి.మీ. ఎగువకు వెళ్లి, అక్కడ ఆగకుండా వెనుదిరిగి అదే రేవుకు చేరింది. రానూపోనూ మొత్తం 5 గంటలు పట్టింది. ప్రవాహ వేగం గంటకు 2 కి.మీ. నిశ్చల నీటిలో లాంచీ వేగం ఎంత?

వేగాల్లో ప్రవాహాన్ని ఒకసారి కూడడం, ఒకసారి తీసివేయడం ఎందుకు?

లాంచీ ఇంజను నేలను తోయదు, నీటిని తోస్తుంది. ఆ నీరు కూడా కదులుతూనే ఉంటుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

నీటి మీద తేలిపోతున్న ఒక ఎండుటాకును ఊహించండి. దానికి ఇంజను లేదు కనుక గంటకు 2 కి.మీ. చొప్పున దిగువకు కొట్టుకుపోతుంది. లాంచీ ఆ ఆకు పక్క నుంచి ఎగువకు బయలుదేరినా, దిగువకు బయలుదేరినా, గంట తర్వాత ఆకుకూ లాంచీకీ మధ్య దూరం ఒకటే. ఆ దూరాన్నే మనం నిశ్చల నీటిలో వేగం అంటున్నాం, దాన్నే x అనుకుంటున్నాం. అయితే రేవు ఆకు మీద లేదు, ఒడ్డున ఉంది. ఒడ్డు నుంచి చూస్తే, లాంచీ ఎగువకు పోతున్న ఆ గంటలో ఆకు 2 కి.మీ. దిగువకు జారిపోయింది. కాబట్టి లాంచీ ఒడ్డు వెంట ముందుకు సాగింది x − 2 మాత్రమే. దిగువకు వచ్చేటప్పుడు ఆకు జారిన 2 కి.మీ. లాంచీకి కలిసివస్తుంది, అది x + 2 అవుతుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే గమనించాలి. లాంచీ ఎగువకు కదలాలంటే x విలువ 2 కంటే ఎక్కువ ఉండి తీరాలి. లెక్కలో ఎక్కడా రాయకపోయినా ఇది షరతే. చివర్లో దీని అవసరం పడుతుంది.

సమీకరణం ఎలా వస్తుంది? మొత్తం దూరం 48 కి.మీ. అని తీసుకోకూడదా?

తీసుకోవచ్చు, కానీ దాన్ని భాగించడానికి ఒకే వేగం మన దగ్గర లేదు. ప్రయాణంలో రెండు భాగాలున్నాయి, రెండింటి వేగాలు వేరు. మనకు తెలిసిన 5 గంటలు మాత్రం రెండింటినీ కలిపిన కాలం. అందుకని కాలాలనే కూడాలి. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుంది కనుక:

```
24/(x − 2) + 24/(x + 2) = 5
```

తెలియని రాశి హారంలో ఉన్న సమీకరణం ఇది. ఇలాంటివాటిని అకరణీయ సమీకరణాలు అంటాం. ఇందులో వర్గం ఇంకా ఎక్కడా కనబడదు. హారాలను తొలగించినప్పుడే అది పైకి వస్తుంది. రెండు హారాల క.సా.గు. (x − 2)(x + 2), అంటే x² − 4. సమీకరణంలోని ప్రతి పదాన్నీ దానితో గుణించాలి. కుడివైపున్న 5ను గుణించడం మరచిపోవడం నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే తప్పు.

```
24(x + 2) + 24(x − 2) = 5(x² − 4)
48x = 5x² − 20
5x² − 48x − 20 = 0
```

ఎడమవైపు +48, −48 ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, చూడండి. రాను, పోను దూరాలు సమానమైనప్పుడల్లా ఇలాగే జరుగుతుంది. అక్కడ x లేని పదం మిగిలితే గుణకారంలో ఎక్కడో గుర్తు తప్పిందని వెంటనే తెలుసుకోవచ్చు.

ఇక కారణాంకాలు. మధ్య పదాన్ని −50x, +2x గా విడదీస్తే:

```
5x(x − 10) + 2(x − 10) = 0
(5x + 2)(x − 10) = 0
x = 10  లేదా  x = −2/5
```

లాంచీ వేగం గంటకు 10 కి.మీ. సరిచూద్దాం. ఎగువకు 24 ÷ 8 = 3 గంటలు, దిగువకు 24 ÷ 12 = 2 గంటలు, మొత్తం 5. సరిచూసేటప్పుడు వర్గ సమీకరణంలో కాకుండా మొదటి సమీకరణంలోనే, అంటే పడవ కథలోనే విలువను పెట్టి చూడాలి. సమీకరణం నుంచి వర్గ రూపానికి వచ్చే దారిలో తప్పు చేసి ఉంటే అప్పుడే బయటపడుతుంది.

−2/5 ను ఎందుకు వదిలేస్తాం? అది అసంబద్ధ మూలమా?

ఈ ప్రశ్నకు చాలామంది అవునని రాస్తారు. అది సరికాదు. తేడాను కాస్త నిదానంగా చూద్దాం.

అకరణీయ సమీకరణాన్ని హారాలతో గుణించినప్పుడు, అసలు సమీకరణానికి చెందని మూలాలు కొన్నిసార్లు కొత్తగా పుట్టుకొస్తాయి. అసంబద్ధ మూలాలు అంటే అవే. హారాన్ని సున్న చేసే విలువలే అలా రాగలవు. మన లెక్కలో అలాంటివి 2, −2 మాత్రమే. −2/5 అందులో లేదు. కావాలంటే మొదటి సమీకరణంలో పెట్టి చూడండి:

```
24/(−2.4) + 24/(1.6) = −10 + 15 = 5
```

సరిగ్గా సరిపోయింది. అంటే −2/5 ఆ సమీకరణానికి నిజమైన మూలమే. బీజగణితం దాన్ని తిరస్కరించడం లేదు. తిరస్కరిస్తున్నది నది. ఎగువకు వెళ్లడానికి −10 గంటలు పట్టిందని చెబుతోంది కదా, అది మనం అడిగిన ప్రయాణం కాదు. గంటకు 2.4 కి.మీ. చొప్పున దిగువకు కొట్టుకుపోతున్న పడవ, 24 కి.మీ. ఎగువన ఉండినది 10 గంటల క్రితం. ఆ రుణ సంఖ్యకు అర్థం అదే. సమీకరణానికి ముందుకు నడిచే కాలమూ వెనక్కి నడిచే కాలమూ ఒకటే. x > 2 అన్న షరతు మన బుర్రలో ఉంది, సమీకరణంలో లేదు.

కాబట్టి జవాబులో "వేగం రుణాత్మకం కాదు కనుక x = −2/5 ను తీసుకోము" అని రాయండి. "అసంబద్ధ మూలం" అని రాయకండి.

ప్రతిసారీ ఒకే జవాబు మిగులుతుందని నమ్మకమేమిటి? రెండూ ధన సంఖ్యలైతే ఏది ఎంచుకోవాలి?

రెండూ ధన సంఖ్యలు కావడం జరగదు. ఒకవైపు దూరాన్ని d, ప్రవాహ వేగాన్ని c, మొత్తం కాలాన్ని T అనుకుని అదే పని చేస్తే వచ్చేది ఇది:

```
T·x² − 2d·x − T·c² = 0
```

మూలాల లబ్ధం −c². మన లెక్కలో చూసుకోండి: 10 × (−2/5) = −4. ప్రవాహ వేగం 2, దాని వర్గం 4. లబ్ధం రుణాత్మకం కనుక ఒక మూలం ధనం, మరొకటి రుణం కాక తప్పదు.

ఇంతటితో ఆగితే సగమే తెలిసినట్టు. ధన మూలం ప్రవాహ వేగం కంటే పెద్దదని కూడా తేలాలి, లేకపోతే పడవ ఎగువకు కదలదు. మూలాల మొత్తం 2d/T, అది ధన సంఖ్య. అంటే గుర్తులు పక్కనపెట్టి చూస్తే రెండింటిలో ధన మూలమే పెద్దది. రెండు పరిమాణాల లబ్ధం c² అయినప్పుడు, వాటిలో పెద్దది c కంటే పెద్దదే అయి ఉండాలి. కాబట్టి దూరమూ కాలమూ ఎంత ఇచ్చినా, ఎదురెక్కగలిగిన వేగం ఒకే ఒక్కటి దొరుకుతుంది. x = c పెట్టి చూస్తే ఎడమవైపు −2dc మిగులుతుంది, అది సున్న కాదు. అందుకే ఈ రకం లెక్కలో అసంబద్ధ మూలం పుట్టే వీలే లేదు.

ఈ లబ్ధం సరిచూసుకోవడానికి కూడా పనికొస్తుంది. మీకు వచ్చిన రెండు మూలాలను గుణించండి. ప్రవాహ వేగ వర్గం రుణ గుర్తుతో రాకపోతే ఎక్కడో తప్పు దొర్లింది.

కారణాంకాలు దొరకకపోతే?

సూత్రం వాడండి. పై సాధారణ రూపంలో విచక్షణి 4d² + 4T²c², అది ఎప్పుడూ ధనాత్మకమే. అందువల్ల సాధన లేకపోవడం అన్నది ఉండదు. ఉదాహరణకు అదే లాంచీకి 5 గంటలకు బదులు 6 గంటలు పట్టిందనుకోండి. అప్పుడు x = (24 + √720)/6, సుమారు 8.47. అంకె అందంగా లేదని తప్పు చేశామేమో అని పిల్లలు కంగారు పడతారు. ఎగువకు 3.71 గంటలు, దిగువకు 2.29 గంటలు, కలిపితే 6. అంతే.

48 కి.మీ.ని 5 గంటలతో భాగిస్తే 9.6 వస్తుంది. అదే లాంచీ వేగం కాదా? వెళ్లేటప్పుడు పోయినది వచ్చేటప్పుడు కలిసివస్తుంది కదా?

చాలా సహజంగా తోచే ఆలోచన ఇది. పెద్దవాళ్లు కూడా ఇలాగే అంటారు. 9.6 సరాసరి వేగం, అందులో తప్పు లేదు. కానీ నిశ్చల నీటిలో వేగం అది కాదు. 9.6 నిజమైతే ఎగువకు 24 ÷ 7.6, దిగువకు 24 ÷ 11.6 గంటలు పట్టాలి. కూడితే దాదాపు 5 గంటల 14 నిమిషాలు. మనకు ఇచ్చింది సరిగ్గా 5 గంటలు.

ఎందుకిలా? ప్రవాహం వేగంలో తీసుకున్నంతే తిరిగి ఇస్తుంది: 2 పోయింది, 2 వచ్చింది. కానీ నష్టం జరిగేది 3 గంటల పాటు, లాభం కలిగేది 2 గంటల పాటే. పడవ తన నెమ్మది ప్రయాణంలోనే ఎక్కువసేపు ఉంటుంది. కాలంతో లెక్క వేసినప్పుడు నష్టం ఎప్పుడూ బరువుగా తూగుతుంది. ప్రవాహమే లేని చెరువులో ఇదే లాంచీకి 48 ÷ 10, అంటే 4 గంటల 48 నిమిషాలు చాలు. నది 12 నిమిషాలు తినేసింది.

ప్రవాహం పెరిగే కొద్దీ ఆ 12 నిమిషాలు ఎలా మారతాయో చూస్తే సమీకరణం ఆకారం అర్థమవుతుంది. మొత్తం కాలానికి సూత్రం ఇది:

```
T = 2dx/(x² − c²)
```

లాంచీ వేగం 10 అలాగే ఉంచి ప్రవాహాన్ని 5 చేస్తే మొత్తం 6 గంటల 24 నిమిషాలు. 8 చేస్తే 13 గంటల 20 నిమిషాలు. 9 చేస్తే ఎగువకు గంటకు ఒక్క కిలోమీటరే సాగుతుంది కనుక ఆ 24 కి.మీ.కి ఒక పగలూ రాత్రీ పడుతుంది. తిరుగు ప్రయాణం గంటా 16 నిమిషాల్లో అయిపోతుంది, కానీ అది చేసే మేలు ఏమీ లేదు. ప్రవాహం 10కి చేరితే హారం సున్న అవుతుంది. లాంచీ ఇంజను పూర్తి జోరులో తిరుగుతూ రేవు దగ్గరే నిలిచిపోతుంది. హారంలో సున్న రాకూడదన్న నియమం నీటి మీద కనిపించే తీరు అది.

పడవ వేగం ఇచ్చి ప్రవాహ వేగం అడిగితే?

సమీకరణం అదే, తెలియనిది మారింది. లాంచీ వేగం 10, మొత్తం కాలం 5 గంటలు అయితే:

```
24/(10 − c) + 24/(10 + c) = 5
480 = 5(100 − c²)
c² = 4
```

ఇక్కడ మొదటి ఘాత పదం రాదు. c = 2 లేదా −2. ఈ −2కు కూడా అర్థం ఉంది: మనం ఎగువ అనుకున్నది నిజానికి దిగువ అని. రానూపోనూ ప్రయాణం కనుక మొత్తం కాలం మారలేదు.

అయితే ఈ రూపంలో ఒక ప్రమాదం ఉంది, లెక్కలు తయారుచేసే ఉపాధ్యాయులు దీన్ని గమనించాలి. మొత్తం కాలం 4 గంటల 30 నిమిషాలు అని ఇచ్చారనుకోండి. c² విలువ రుణాత్మకం అవుతుంది, సాధన ఉండదు. పిల్లవాడు ఎక్కడ తప్పు చేశానా అని వెతుక్కుంటూ ఉంటాడు, తప్పు దత్తాంశంలో ఉంది. నిలకడ నీటిలోనే 4 గంటల 48 నిమిషాలు పట్టే ప్రయాణాన్ని ఏ ప్రవాహమూ అంతకంటే త్వరగా ముగించనివ్వదు. కాబట్టి మొదట 2d/x ఎంతో చూసుకుని, ఇచ్చే కాలం దానికంటే ఎక్కువ ఉండేలా రాసుకోవాలి.

మధ్యలో ఆగితే ఎలా? కాలం గంటలు, నిమిషాల్లో ఇస్తే?

ఆగిన సమయాన్ని ముందే మొత్తం కాలం నుంచి తీసివేయండి. బయలుదేరి తిరిగి వచ్చేసరికి 6 గంటలు, అందులో ఎగువ రేవులో భోజనానికి గంట ఆగారంటే, సమీకరణంలో కుడివైపు 5. ఒడ్డుకు కట్టేసిన పడవను ప్రవాహం ఏమీ చేయదు. నది మధ్యలో ఇంజను ఆపితే మాత్రం అది ఆగడం కాదు, కొట్టుకుపోవడం. అప్పుడు దూరం కూడా మారుతుంది.

నిమిషాలను భిన్నంగా మార్చండి. 5 గంటల 20 నిమిషాలు అంటే 16/3 గంటలు, 5.20 కాదు.

ముందు దిగువకు వెళ్లి తర్వాత ఎగువకు వస్తే జవాబు మారుతుందా?

మారదు. రెండు భిన్నాలను ఏ వరుసలో కూడినా ఒకటే. గోదావరి మీద పాపికొండలు చూడడానికి రాజమహేంద్రవరం వైపు నుంచి పడవ ఎక్కితే వెళ్లేటప్పుడు ఏటికి ఎదురెక్కాలి. భద్రాచలం వైపు పోచవరంలో ఎక్కినవారికి వెళ్లేదే ప్రవాహం వెంట. వేగాలూ దూరాలూ ఒకటే అనుకుంటే మొత్తం కాలంలో తేడా ఉండదు. కానీ సగం దూరం దగ్గర గడియారం చూస్తే తేడా తెలుస్తుంది. మన లాంచీలో ఒకరికి 3 గంటలు గడిచి ఉంటాయి, ఇంకొకరికి 2. వెళ్లడానికి పట్టిన కాలాన్ని రెట్టింపు చేసి తిరిగి వచ్చే వేళను అంచనా వేస్తే ఇద్దరి అంచనాలూ తప్పుతాయి, చెరొక వైపుకు.

పడవ వేగం, ప్రవాహ వేగం రెండూ తెలియకపోతే?

ఒక్క మొత్తం కాలంతో కుదరదు. రెండు ప్రయాణాల వివరాలు కావాలి. ఒక రోజు 24 కి.మీ. ఎగువకు, 36 కి.మీ. దిగువకు కలిపి 6 గంటలు పట్టింది. మరో రోజు 32 కి.మీ. ఎగువకు, 24 కి.మీ. దిగువకు కలిపి మళ్లీ 6 గంటలే పట్టింది. ఇక్కడ హారాలను తొలగించే పని పెట్టుకోకండి, పదాలు విపరీతంగా పెరుగుతాయి. పడవ వేగం x, ప్రవాహ వేగం y అనుకుని, 1/(x − y) ను p అని, 1/(x + y) ను q అని అనుకుంటే రెండు రేఖీయ సమీకరణాలు మిగులుతాయి:

```
24p + 36q = 6
32p + 24q = 6
```

సాధిస్తే p = 1/8, q = 1/12. అంటే x − y = 8, x + y = 12. పడవ వేగం 10, ప్రవాహం 2. p, q ల దగ్గరే ఆగి అవే వేగాలని రాసేవారున్నారు. అవి ఒక్కో కిలోమీటరుకు పట్టే గంటలు, వేగాలు కావు.

నిజమైన నదిలో ఈ లెక్క నిలుస్తుందా?

ప్రవాహం అంతటా ఒకటే అన్న ఊహ మీద ఈ లెక్కంతా నిలబడింది. నదిలో అలా ఉండదు. నడిమధ్య నీరు జోరుగా, ఒడ్డు దగ్గర నెమ్మదిగా పోతుంది. పాపికొండల దగ్గర గోదావరిలాగా కొండల మధ్య నది ఇరుకైనచోట జోరు పెరుగుతుంది. పడవ నడిపేవారికి ఇది చేతికి తెలిసిన విషయం. అందుకే లోతు చాలినచోట ఎగువకు వెళ్లేటప్పుడు ఒడ్డు వారగా నడుపుతారు, వచ్చేటప్పుడు నడిమి పాయలోకి దిగుతారు.

దీన్ని కూడా సమీకరణంలో పెట్టవచ్చు. ఒడ్డు వార ప్రవాహం 1, మధ్యలో 2 అనుకుందాం. 24 కి.మీ. వెళ్లి రావడానికి 4 గంటల 40 నిమిషాలు, అంటే 14/3 గంటలు పట్టింది. లాంచీ వేగం ఎంత?

```
24/(x − 1) + 24/(x + 2) = 14/3
7x² − 65x − 50 = 0
x = (65 ± 75)/14
```

ధన మూలం 10. అదే లాంచీ. ప్రవాహం ఒకటే అయినప్పుడు దానికి 5 గంటలు పట్టింది, చెరువులో అయితే 4 గంటల 48 నిమిషాలు పట్టేది. ఒడ్డు వారగా ఎక్కి మధ్యలో దిగివచ్చిన పడవ ఆ చెరువు కాలం కంటే కూడా 8 నిమిషాలు ముందే చేరింది. రెండు హారాల్లో ప్రవాహం వేరైన క్షణంలోనే, ఏ ప్రవాహమూ ప్రయాణాన్ని త్వరగా ముగించనివ్వదని పైన చెప్పిన హద్దు తొలగిపోతుంది. మూలాల లబ్ధం −c² అన్నది కూడా ఇక్కడ వర్తించదు. ఇప్పుడది −50/7.